అబద్ధమైతేనే ఆట

1960ల నడిమధ్య సంగతి. న్యూయార్క్ నగరంలో హార్లెం అనే పేట. షికారుకు బయల్దేరిన ఒక చిన్న వ్యానులో 13 మంది కుర్రాళ్లు ఒకరి మీద ఒకరు కూర్చున్నట్టు ఇరుక్కుని ఉన్నారు. అందరూ నల్లజాతి పిల్లలు, అందరూ ఒకే జట్టు. ఒకడు పక్కవాడి తల్లిని తిట్టాడు. పక్కవాడు వీడి తల్లిని అంతకు రెండింతలు తిట్టాడు. మూడోవాడు మధ్యలో దూరి ఇద్దరి ఇళ్లనూ కలిపి ఏకిపారేశాడు. వ్యానులో రికార్డరు తిరుగుతోంది. 35 నిమిషాల ఆ ప్రయాణంలో నమోదైన మాటల్ని తర్వాత విని విడదీసి రాసుకుంటే 180 తిట్లు తేలాయి. అంటే నిమిషానికి అయిదు చొప్పున. తిట్టు తిట్టుకీ విరగబడి నవ్వులు.

రికార్డు చేయించినవాడు విలియం లబోవ్ అనే భాషాశాస్త్రవేత్త. అసలు ఆయన తిట్లకోసం వెళ్లలేదు. హార్లెం పిల్లలు బడిలో చదవడంలో ఎందుకు వెనకబడుతున్నారో తేల్చమని ప్రభుత్వం డబ్బిచ్చింది. ఆ పిల్లలకు సరైన భాషే లేదని, ఇంట్లో మాటలు వినక నోరు పెగలడం లేదని ఆ రోజుల్లో కొందరు విద్యావేత్తలు గట్టిగా నమ్మేవారు. లబోవ్ బృందం తరగతి గదిని వదిలి వీధికి వెళ్లింది. మాటలు రావని పేరుపడ్డ పిల్లలు అక్కడ అరగంటసేపు తడుముకోకుండా ఆశువుగా తిట్టుకుంటున్నారు. ఆ తిట్లకు వ్యాకరణమూ ఉంది, నియమాలూ ఉన్నాయి. వాటిని ఆయన 1972లో ఒక వ్యాసంగా రాశాడు. తిట్ల పోటీల గురించి ఇప్పటికీ ఎవరు మాట్లాడినా ఆ వ్యాసం దగ్గరికి వచ్చే తీరాలి.

ఈ ఆటకు పాత పేరు డజన్స్. న్యూయార్కులో సౌండింగ్ అంటారు, షికాగోలో సిగ్నిఫైయింగ్, వాషింగ్టన్‌లో జోనింగ్. పేరు ఏదైనా ఎత్తుగడ ఒకటే: ‘మీ అమ్మ ఎంత ఫలానా అంటే...’ అని మొదలుపెట్టి, వినేవాడి ఊహకు అందని చోట తేల్చడం. అసలు తిట్లు చాలావరకు పత్రికలో అచ్చు వేయదగ్గవి కావు. కాబట్టి ఆట నడక తెలియడానికి నేనే మన నుడిలో ఒక విడత అల్లి చూపిస్తాను.

“మీ ఇల్లెంత ఇరుకురా అంటే, బల్లి తోక ఆడించాలన్నా గడప దాటి రావాలి.”

“మా ఇంట్లో బల్లి అయినా ఉంది. మీ ఇంటికొచ్చిన బల్లి తినడానికేం దొరక్క, మీ గతి చూసి జాలిపడి, పోతూ పోతూ మీ అమ్మ చేతిలో పావలా పెట్టి పోయింది.”

“ఆ పావలాతోనే మా అమ్మ మీ ఇల్లు కొనేసింది. చిల్లర కూడా తిరిగొచ్చింది.”

ఇందులో ఎవడు గెలిచాడో వేరే చెప్పక్కర్లేదు. ఎందుకు గెలిచాడో మాత్రం కాస్త నిలబడి చూడాలి. రెండోవాడు కొత్త తిట్టు ఎక్కడినుంచో తేలేదు. తన మీదికొచ్చిన బల్లినే పట్టుకుని అవతలివాడి ఇంట్లోకి విసిరాడు. మొదటివాడు దాన్ని వదిలేసి, ఆ బల్లి ఇచ్చిన పావలాను పట్టుకున్నాడు. తన పేదరికాన్ని చెప్పడానికి పుట్టిన పావలా కాస్తా అవతలివాడి ఇంటి ఖరీదుగా మారింది. లబోవ్ వర్ణించిన నేర్పు ఇదే. ఎదుటివాడి మాటలో వీలైనంత తక్కువ మార్చి, అర్థాన్ని వీలైనంత ఎక్కువ తిప్పాలి. మన అవధానాల్లో పృచ్ఛకుడు ఇచ్చిన సమస్య పాదాన్ని అక్షరం మార్చకుండా తలకిందులు చేసే అవధాని పనికి ఇది దూరపు చుట్టం.

మరి ఓడిపోవడం ఎలా? దానికి ఒకే ఒక్క మాట చాలు: “కాదు, మా ఇల్లు పెద్దదే.” ఆ మాట నోటినుంచి వచ్చిందంటే ఆట అయిపోయినట్టే. తిట్టుకు జవాబు తిట్టే కావాలి. సంజాయిషీ జవాబు కాదు. కాదనడానికి పూనుకున్నవాడు, ఎదుటివాడన్న దాంట్లో కాదనదగ్గ సత్యం ఏదో ఉందని ఒప్పుకున్నట్టు. బల్లి జాలిపడి డబ్బివ్వడాన్ని ఎవడు ఖండిస్తాడు?

ఈ ఆటకు ఆయువుపట్టు అక్కడే ఉంది. తిట్టు అబద్ధమై ఉండాలి. ఊరికే అబద్ధమైతే చాలదు, అబద్ధమని అందరికీ తేటతెల్లంగా తెలిసే అబద్ధం కావాలి. లబోవ్ దీన్ని గణిత సూత్రంలా రాశాడు. వాడుక మాటలో చెప్పాలంటే: నువ్వన్నది నిజం కాదని నీకే తెలుసు. ఆ సంగతి నాకు తెలుసు. నాకు తెలుసని నీకూ తెలుసు. చుట్టూ ఉన్నవాళ్లకూ తెలుసు. ఈ గొలుసులో ఏ లంకె తెగినా అది తిట్టు కాదు, నింద అయిపోతుంది. తిట్టుకు తిట్టు ఇవ్వొచ్చు. నిందకు జవాబు చెప్పుకోవాలి, లేకపోతే చెయ్యెత్తాలి.

అందుకే ఆ తిట్లు అంత విడ్డూరంగా ఉంటాయి. పెద్ద అతిశయోక్తి అనేది ఇక్కడ అలంకారం కాదు, రక్షణ. ‘మీ అమ్మ లావు’ అంటే గొడవ. ‘మీ అమ్మ కూర్చుంటే ఊరు ఒక పక్కకు ఒరిగింది’ అంటే ఆట. మాట ఎంత ఘోరంగా ఉంటే అంత క్షేమమన్నమాట. మర్యాద గురించి మనకు చిన్నప్పటినుంచీ నేర్పిన దానికి ఇది పూర్తిగా ఎదురు.

గొలుసు తెగితే ఏమవుతుందో కూడా లబోవ్ బృందం రికార్డు చేసింది. మరోసారి ఇద్దరు కుర్రాళ్ల మధ్య ఇలాంటి విడతే సాగుతోంది. వాదం తల్లుల మీదనుంచి తండ్రుల మీదికి మళ్లింది. ఒకడి ఇంట్లో తండ్రికి మాట తడబడుతుంది, నత్తి. ఇది జట్టులో అందరికీ తెలిసిన విషయం. రెండోవాడు ఉన్నట్టుండి ఆ నత్తిని అనుకరించాడు. అంతే, మొదటివాడి గొంతు మారింది. మా నాన్నకు నత్తి ఉంటే ఏంటట అని ఎదురు ప్రశ్న వేశాడు. ఆ వెంటనే, మీ నాన్నకు మాత్రం నెరిసిన తల, బట్టతల లేవా అని తిరగబడ్డాడు. అదీ నిజమే. దాంతో రెండోవాడు కూడా ఆటలోంచి జారిపోయి, మా నాన్న ముసలివాడయ్యాడు, అందుకే అలా ఉన్నాడని మళ్లీ మళ్లీ చెప్పుకోవడం మొదలుపెట్టాడు.

చూడండి, నెరిసిన జుట్టు ఏమంత పెద్ద తిట్టు? అదే జట్టు కుర్రాళ్లు అంతకు ముందు తల్లుల మీద అన్న మాటలతో పోలిస్తే అది ముద్దుమాట. అయినా ఆ మాటలకు నవ్వినవాళ్లకు ఇది గుచ్చుకుంది. నిజమాడితే నిష్ఠూరం అని మనవాళ్లు ఊరికే అనలేదు. పైగా ఇద్దరూ కారణాలు చెప్పుకోవడంలోకి దిగారు. ఆట ఎక్కడ చెడిందో తెలుసుకోవడానికి గుర్తు అదే: తిట్టు ఎంత ఘాటుగా ఉందని చూడకూడదు, జవాబు ఏ రకంగా వచ్చిందని చూడాలి. ఎదురుతిట్టు వస్తున్నంతసేపూ ఆట బతికుంది. ‘అయితే ఏంటి’, ‘అందుకే అలా’, ‘నీకెవరు చెప్పారు’ అనే మాటలు వినబడ్డాయంటే సరసం విరసంలోకి మళ్లింది.

దీన్నిబట్టే ఇంకో సంగతి అర్థమవుతుంది. ఈ ఆట కొత్తవాళ్లతో ఆడకూడదు. ఏది పచ్చి అబద్ధమో తెలియాలంటే ఎదుటివాడి ఇల్లూ వాకిలీ తెలిసుండాలి. వేరే వీధినుంచి వచ్చినవాడితో ‘మీ ఇంట్లో పొయ్యి రాజేసి నెలయింది’ అని నవ్వుతూ అంటే, ఆ ఇంట్లో నిజంగానే పొయ్యి రాజేసి నెల అయి ఉండొచ్చు. బాగా తెలిసినవాళ్లనే బాగా తిట్టగలం. కాబట్టి తిట్టించుకోవడం ఒక రకంగా జట్టులో సభ్యత్వం.

మూడోపక్షం లేకుండా కూడా ఇది నడవదు. తిట్టేది ఇద్దరైనా తీర్పు చుట్టూ ఉన్నవాళ్లది. నవ్వు, అరుపు, ‘అబ్బ, కొట్టాడురా’ అనే కేక, ఇవే మార్కులు. ఇద్దరే ఉన్న గదిలో ఇవే మాటలు అనుకుంటే అది పోట్లాటలాగే ఉంటుంది. జనం ఉంటే ఇది ప్రదర్శన అని గుర్తు చేసేవాళ్లు ఉంటారు. ఆ జనమే రెచ్చగొట్టడానికి కూడా పూనుకోవచ్చు, అది వేరే సంగతి.

అసలు ఇలా ఎందుకు? తల్లినే ఎందుకు? ఈ ప్రశ్నకు పండితులు ఎవరికి తోచిన జవాబు వాళ్లు చెప్పారు. 1939లో దీనిమీద మొదటి వ్యాసాల్లో ఒకటి రాసిన జాన్ డాలర్డ్, వర్ణవివక్ష కింద నలిగిన మనుషులు తెల్లవాళ్ల మీద చూపలేని కోపాన్ని తమలో తాము ఇలా వెళ్లగక్కుకుంటారన్నాడు. ఫిలడెల్ఫియా వీధుల్లో ఈ తిట్లను సేకరించి 1962లో వ్యాసం రాసిన రోజర్ అబ్రహామ్స్, తల్లి చాటునుంచి మగవాడుగా బయటపడటానికి కుర్రాడు పడే పెనుగులాట ఇదన్నాడు. రెండూ వినడానికి బాగానే ఉంటాయి. కానీ ఆడపిల్లలూ ఈ ఆట ఆడారు. నల్లజాతి బానిసత్వంతో ఏ సంబంధమూ లేని టర్కీలో మగపిల్లలు ప్రాసతో తిట్టుకునే పోటీలు ఆడారు. అక్కడ ఎదుటివాడి మాటకు ప్రాస కలవకపోతే తిట్టు ఎంత గొప్పదైనా ఓటమే. కాబట్టి ఒక జాతి బాధలోంచి మాత్రమే ఇది పుట్టిందనడం నాకు ఒప్పుదల కాదు.

నాకు నచ్చిన ఆధారం ఒక జూలోంచి వచ్చింది. 1952లో గ్రెగరీ బేట్సన్ అనే మానవశాస్త్రవేత్త శాన్‌ఫ్రాన్సిస్కో జూలో రెండు కోతిపిల్లలు ఆడుకోవడం చూశాడు. అవి ఒకదాన్నొకటి కొరుకుతున్నాయి, మీదపడుతున్నాయి, అచ్చం పోట్లాటే. అయినా అది పోట్లాట కాదని చూస్తున్న మనిషికీ తెలుస్తోంది, కోతులకూ తెలుసు. మాటలే లేని జంతువులు ‘ఇది ఆట’ అన్న కబురు ఒకదానికొకటి ఎలా అందించుకుంటున్నాయి? ఆయన ఆ ప్రశ్న పట్టుకుని 1955లో ఒక ప్రసిద్ధ వ్యాసం రాశాడు. ఆటలో పెట్టే పంటిగాటు కాటును గుర్తు చేస్తుంది గానీ, కాటు చెప్పే శత్రుత్వాన్ని చెప్పదు. మనిషి తిట్టు కూడా అంతే. నిజమైన తిట్టులోని కోర ఉంటుంది. అది చర్మం దాకా వచ్చి ఆగుతుంది. అంత దగ్గరికి రానివ్వడమే నమ్మకం, అక్కడ ఆగడమే నైపుణ్యం. తల్లి మీద తిట్టే ఎందుకంటే, అక్కడే చర్మం పల్చన.

ఆ నమ్మకం ఎందుకు పనికొస్తుందో లబోవ్ చెప్పిన ఒక చిన్న ఘటనలో కనిపిస్తుంది. కుర్రాళ్లు పేకాడుతున్నారు. గోల ఎక్కువైంది. ఒకడు విసుగొచ్చి నోర్ముయ్యమన్నాడు. జట్టులో పలుకుబడి ఉన్న ఇంకొకడు తలెత్తి, నాకే చెప్తున్నావా అన్నాడు. ఇది ఆట కాదు, సవాలు. కాదంటే పరువు పోతుంది, అవునంటే లేచి కొట్టుకోవాలి. మొదటివాడు అవునని, అదే ఊపిరిలో మీ అమ్మ బాతు అన్నాడు. అంత పెళుసైన క్షణంలో బాతు ఎక్కడినుంచి వచ్చింది? ఆ మాటకు అర్థం లేకపోవడమే దాని పని. సవాలుకు తలొగ్గలేదు, అలాగని దాన్ని నిజం పోట్లాటలో వదిలెయ్యనూ లేదు. ఏమన్నా నిజం కాని ఆటస్థలంలోకి లాగేశాడు. ఇక అవతలివాడు కొడితే బాతు కోసం కొట్టినవాడవుతాడు.

అబద్ధాన్నే కంచెగా కట్టుకోవడం హార్లెం పద్ధతి. అన్నిచోట్లా ఇలాగే అనుకోకూడదు. తూర్పు గ్రీన్‌లాండ్‌లో అమ్మస్సాలిక్ ప్రాంతపు ఇన్యూట్‌ల దగ్గరికి 1884లో గుస్తావ్ హోమ్ నాయకత్వంలో డేనిష్ యాత్రికులు చేరినప్పుడు, అక్కడ తగవులు తీర్చుకునే పద్ధతి చూసి ఆశ్చర్యపోయారు. ఒకడి భార్యను ఇంకొకడు తీసుకుపోయాడనుకోండి, వాళ్లు కత్తులు తీయడానికి బదులు జనం ముందు నిలబడి, డప్పు చేత పట్టుకుని, ఒకడి తర్వాత ఒకడు పాటలో తిట్టుకునేవారు. ఇక్కడ తగవు నిజం, కోపం నిజం, అన్న మాటల్లోనూ ఎంతో కొంత నిజం. మరి కంచె ఎక్కడుంది? పాటలో ఉంది. లయ తప్పకూడదు, వంతు దాటకూడదు. ఒకడు పాడుతున్నంతసేపూ రెండోవాడు ఏమీ పట్టనట్టు నిలబడి వినాలి. మధ్యలో కోపం బయటపెట్టినవాడు జనం కళ్లలో చులకనైపోతాడు. పాట ముందే కట్టుకుని సాధన చేసి రావాలి కాబట్టి ఆవేశం ఆలోపే కొంత చల్లారేది. ఒక్కో జత ఏళ్ల తరబడి ఇలా పాడుకుంటూనే ఉండేది. మొదట్లో ఉన్న పగ ఏ నాటికో కరిగిపోయినా, పాట మాత్రం మానేవారు కాదు.

ఇదే ఆటలోంచి పెరిగిన ర్యాప్ పోటీల్లో కూడా నిజం చొరబడింది. ఎమినెమ్ నటించిన ‘8 మైల్’ అనే 2002 నాటి సినిమా చూసినవాళ్లకు చివరి పోటీ గుర్తుండే ఉంటుంది. కథానాయకుడు ముందు పాడాల్సి వస్తుంది. అవతలివాడు తన గురించి ఏమేం అనగలడో అవన్నీ, తన పేదరికం, అవమానాలతో సహా, తానే వరసబెట్టి పాడేస్తాడు. అవతలివాడికి అనడానికి ఏమీ మిగలదు, నోట మాట రాక నిలబడిపోతాడు. నిజం గుచ్చుకునే పోటీలో దొరికే ఉపాయం అదొక్కటే, తన నిజాన్ని తానే ముందుగా ఖర్చు పెట్టేయడం. హార్లెం వ్యానులో ఆ ఎత్తు చెల్లదు. అక్కడ ఎవడికీ నిజంతో పని లేదు.

మన దగ్గర కంచె వరస. బావామరదళ్లు, వదినామరదళ్లు, మేనమామ వరసైనవాళ్లు ఒకరినొకరు ఎంతైనా మేలమాడుకోవచ్చు. అదే మాట అన్నతో గానీ మామగారితో గానీ అంటే ఇంట్లో చెంబులు ఎగురుతాయి. కొన్ని జాతుల్లో ఫలానా చుట్టరికంవాళ్లు ఎగతాళి చేసుకోవచ్చని కాదు, చేసుకుని తీరాలని ఆనవాయితీ ఉంటుందని రాడ్‌క్లిఫ్‌-బ్రౌన్ అనే మానవశాస్త్రవేత్త 1940లో రాశాడు. పెళ్లివల్ల రెండు కుటుంబాలు దగ్గరవుతాయి, కానీ ఒకటైపోవు. ఆ దగ్గరతనాన్నీ దూరాన్నీ ఒక్కసారే మొయ్యాలంటే వేళాకోళం ఒక దారి అని ఆయన వాదం. మన పెళ్లిళ్లలో వియ్యపురాలి మీద కట్టే పాటలు వింటే ఆయన ఇంకో వ్యాసం రాసి ఉండేవాడు.

ఈ పాటల్లో వరసతో పాటు అబద్ధమూ పనిచేస్తుంది. చాలా ఏళ్ల కిందట మా బంధువుల ఇంట్లో ఒక పెళ్లి. మధ్యాహ్నం విస్తళ్ల ముందు మగపెళ్లివారు కూర్చున్నారు. ఆడపెళ్లివారి వైపు ముత్తయిదువలు నలుగురు అందుకున్నారు. వియ్యపురాలి ముక్కు, నడక, తిండి, ఆవిడ చెల్లెలి జడ, ఒక్కటీ వదల్లేదు. ఆవిడ లడ్డూ మింగితే ఊళ్లో ఉగ్రాణం మూతపడిందన్నారు. ఆవిడ పక్కవాళ్లు వెంటనే ఆ ఉగ్రాణం మీదే ఇంకో చరణం కట్టి, అందులో లడ్డూలు ఉంటే కదా మూతపడటానికి అని తిప్పికొట్టారు. వియ్యపురాలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. పాట ఆగితే ఆవిడే, అంతేనా అన్నట్టు చూస్తోంది.

అప్పుడు మగపెళ్లివారి తరఫు కుర్రదెవరో, ఆ ఊపులోనే, లడ్డూల్లేని విందు, ఇస్తానన్నది ఇంకా ఇవ్వని మామ అని అర్థం వచ్చేలా ఒక పాదం కలిపింది. ఆ పాదం చప్పగా పడింది. పెళ్లికూతురి తండ్రి నిజంగానే ఏదో బాకీ పడ్డాడని పందిట్లో సగంమందికి తెలుసు. వడ్డించే చెయ్యి గరిటెతో సహా ఆగిపోయింది. ఆయన తలొంచుకుని, వచ్చే నెల సర్దుతానని చెప్పాం కదమ్మా అన్నాడు. సంజాయిషీ.

విస్తళ్ల దగ్గర కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ మూల స్తంభానికి ఆనుకుని కూర్చున్న పెళ్లికొడుకు అమ్మమ్మ, పళ్లు లేని నోటితో, సన్నగా రాగం తీసింది. మా వియ్యంకుడి మీసం మీద రెండు పిచ్చుకలు గూడు కట్టాయట, పిల్లలు ఎగిరిపోయే దాకా పెళ్లికి రానన్నాడట. ఆయన మూతి మీద మీసమే లేదు. ఆయన చెయ్యి తనంతట తాను పైపెదవి మీదికి పోయింది. ఎవరో ముందు నవ్వారు. వడ్డించేవాడు గరిటె మళ్లీ పప్పులో ముంచాడు.